చప్పుడు చెయ్యని మిక్సీ

ప్రశ్న: మా మిక్సీ నిన్నటిదాకా బాగానే తిరిగింది. పొద్దున స్విచ్ తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కింద ఎర్ర బటన్ నొక్కినా లాభం లేదు. షాపతను విప్పి చూడకుండానే మోటారు పోయుంటుంది, కొత్తది కొనుక్కోమంటున్నాడు. నిజంగా మోటారే పోయిందా, ఇంట్లో తెలుసుకునే దారేమైనా ఉందా?

సమాధానం:

ఉంది. అసలు చప్పుడు లేదంటే నాకది మంచి కబురు కిందే లెక్క. మోటారు కాలే మిక్సీ సాధారణంగా చెప్పకుండా పోదు. ముందు మాడు వాసన కొడుతుంది, లోపల నిప్పురవ్వలు కనపడతాయి, లేదంటే గుర్రుమని మూలిగి ఎంసీబీని పడేస్తుంది. ఇవేవీ లేకుండా ఆగిందంటే, కరెంటు పోయే దారి ఎక్కడో తెగిందని అర్థం. ఎక్కడ తెగిందో వెతకడం పెద్ద విద్యేం కాదు. మా పక్కింటి అమ్మాయికి నేర్పిన కథే చెప్తాను, మీకు సరిపోతుంది.

నేనుండేది కావలిలో. రిటైరయ్యేదాకా ఎలక్ట్రీషియన్ పనే చేశాను, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ మోటార్ల దగ్గర్నుంచి ఇళ్లలో మిక్సీల దాకా. ఇప్పుడు పని మానేసినా టూల్ బాక్సు మంచం కిందే ఉంటుంది. పక్కింటి అమ్మాయి ఇంట్లోనే టిఫిన్లు చేసి అమ్ముతుంది. ఒకరోజు కారం దోసెలకి ఎర్రకారం నూరుతుంటే మిక్సీ ఆగిపోయింది. చంకన పెట్టుకొని వచ్చేసింది.

"బాబాయ్, మొన్న మా ఫ్యానుకి కెపాసిటర్ మార్చి బాగు చేశారు కదా, దీనికీ అదే మార్చండి" అంది.

"దీనికి అది ఉండదు అమ్మణ్ణీ" అన్నాను.

"ఎందుకుండదు? అదీ మోటారే, ఇదీ మోటారే కదా."

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు అర్థమైతే సగం రిపేరు అయినట్టే. సీలింగ్ ఫ్యాను మోటారు తనంతట తాను కదలలేదు. కదలడానికి రెండో వైండింగూ, దానికో కెపాసిటరూ కావాలి. కెపాసిటర్ చచ్చిపోయినా మొదటి వైండింగులో కరెంటు పోతూనే ఉంటుంది కాబట్టి ఫ్యాను తిరక్కుండా సన్నగా గుయ్యిమంటుంది, వేలితో తోస్తే తిరుగుతుంది కూడా. మిక్సీ మోటారు వేరే జాతి. బయట చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిలూ, మధ్యలో తిరిగే ఆర్మేచరూ రెండూ ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. రెంటిలోనూ పోయేది అదే కరెంటు. స్టార్టింగుకి దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, చాలా బలంగా లేస్తుంది. కొన్ని మిక్సీల్లో చిన్న కెపాసిటర్ ఒకటి కనపడుతుంది గానీ అది రేడియోలో, టీవీలో గరగర రాకుండా పెట్టింది. అది తీసేసినా మిక్సీ తిరుగుతుంది.

ఆ దారి ఎట్లా పోతుందో కాగితం మీద గీసి చూపించాను. ప్లగ్గు ఒక పిన్ను నుంచి వైరు, అక్కణ్ణుంచి ఎర్ర బటన్ ఉన్న ఓవర్‌లోడ్, తర్వాత తిప్పే స్విచ్, తర్వాత ఫీల్డ్ కాయిల్ ఒక సగం, దాని తర్వాత ఒక కార్బన్ బ్రష్. బ్రష్ నుంచి ఆర్మేచర్ మీదుండే రాగి పట్టీల చక్రం, అంటే కమ్యుటేటర్ మీదికి దూకి, ఆర్మేచర్ చుట్లలో తిరిగి, అవతలి బ్రష్ గుండా బయటికొచ్చి, ఫీల్డ్ రెండో సగంలోంచి ప్లగ్గు రెండో పిన్నుకి చేరుతుంది. వరసలో ఒకటీ అరా అటూ ఇటూ ఉంటాయి గానీ అన్నీ ఒకే తీగలో గుచ్చినట్టుంటాయి. వినాయకచవితి పందిరికి కట్టే సీరియల్ బల్బుల దండలో ఒక్క బల్బు పోతే దండంతా ఆరిపోతుందే, అట్నే.

"అయితే ఏ ఒక్కటి పోయినా ఇట్నే ఉంటుందా? మరి ఏది పోయిందో ఎట్టా తెలిసేది?" అంది.

తెలివిగా అడిగింది. వెతకడం బయట నుంచి మొదలుపెట్టాలి, స్క్రూ డ్రైవరు పట్టుకోవడం అన్నిటికన్నా ఆఖరు.

ముందు గోడ సాకెట్. "చూశాను బాబాయ్, ఫోన్ ఛార్జర్ పెడితే ఎక్కుతోంది" అంది. అది చాలదు. ఛార్జర్ లాగే కరెంటు చాలా కొంచెం. సాకెట్ లోపల పట్టు వదిలి, నల్లబడి, ఏదో తగిలీ తగలనట్టున్నా ఛార్జర్ పనిచేసేస్తుంది. 750 వాట్ల మిక్సీకి మూడు ఆంపియర్లకి పైన కావాలి. టెస్టర్ వెలగడం కూడా సాక్ష్యం కాదు, అది ఫేజ్ ఉందని చెప్తుందే గానీ న్యూట్రల్ తెగితే చెప్పదు. అదే సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టి చూడమన్నాను. రెండు నిమిషాల్లో కాలింది. సాకెట్ బాగున్నట్టే.

తర్వాత జార్. కొన్ని మోడళ్లలో జార్ సరిగ్గా కూర్చోకపోతే స్విచ్ పనిచెయ్యదు, అంచులో చిన్న లాక్ ఉంటుంది. ఆ అమ్మాయిది అలాంటిది కాదు. మీది అలాంటిదైతే ఆ లాక్ సందులో ఎండిన పిండి ఇరుక్కుందేమో చూడండి.

తర్వాత మీరు నొక్కానన్న ఎర్ర బటన్. దాని లోపల రెండు రకాల లోహాలు అతికించిన చిన్న రేకు ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువై కరెంటు ఎక్కువ లాగితే ఆ రేకు వేడెక్కి వంగుతుంది, దారి తెంచుతుంది, బటన్ టక్కున బయటికి వస్తుంది. వేడి మీద నొక్కితే నిలబడదు. అయిదు పది నిమిషాలు ఆగి నొక్కాలి, నొక్కినప్పుడు అది లోపలికి పోయి ఆగినట్టు వేలికి తెలియాలి. నొక్కిన ప్రతిసారీ మిక్సీ కాసేపు తిరిగి మళ్లీ బటన్ ఎగిరితే, తప్పు బటన్‌ది కాదు. జార్ బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా మోటారే ఎక్కువ లాగుతుండొచ్చు. కొందరు షాపుల్లో ఆ బటన్ తీసేసి రెండు వైర్లూ కలిపేస్తారు. ఆ పూటకి మిక్సీ తిరుగుతుంది, ఈసారి మోటారు నిజంగానే కాలుతుంది.

ఆమె మిక్సీకి బటన్ లోపలే ఉంది. "అయితే ఇది ఎందుకు ఎగరలేదు?" అని అడిగింది. అది ఎగిరేది కరెంటు ఎక్కువైనప్పుడు. ఇక్కడ కరెంటే పోవడం లేదు కదా, ఎగరడానికి దానికి పని లేదు. ఈ మాటకి ఆమె కాసేపు కాగితం మీద బొమ్మ చూసుకొని, "అంటే కారం గట్టిగా అయ్యి ఆగింది కాదన్నమాట" అంది. కాదు మరి.

జార్ తీసేసి, ప్లగ్గు గోడలోంచి పీకి, మోటారు మీద జార్ బ్లేడుని తిప్పే కప్లర్‌ని వేళ్లతో తిప్పమన్నాను. సులువుగా తిరిగింది, లోపల బ్రష్‌ల రాపిడి సన్నగా తెలిసింది. ఇది బిగుసుకుపోయి ఉంటే కథ వేరు. బేరింగో బుష్షో పట్టేసి ఉంటే స్విచ్ వెయ్యగానే గుర్రుమంటుంది తప్ప మౌనంగా ఉండదు. అలా మూలిగే మిక్సీని ఒక క్షణం కూడా ఉంచకండి, వెంటనే ఆపెయ్యండి. జార్ లేకుండా తిరిగి, జార్ పెడితే మూలిగితే రోగం జార్‌లోనే. బ్లేడు కింది బుష్‌లో పిండి ఎండి పట్టేసి ఉంటుంది.

ఇక మీటర్. మామూలు డిజిటల్ మల్టీమీటర్ మీ దగ్గర లేకపోతే ఎవరి దగ్గరైనా అడగండి. మిక్సీ ప్లగ్గు గోడలో లేనప్పుడే ఈ పని. మీటర్‌ని 200 ఓమ్‌ల దగ్గర పెట్టి, రెండు పుల్లలూ ఒకదానికొకటి తాకిస్తే సున్నా దగ్గరకి రావాలి. ఇప్పుడు ఆ పుల్లల్ని మిక్సీ ప్లగ్గు రెండు పిన్నులకి పెట్టి, స్విచ్‌ని ఒకటీ రెండూ మూడూ నంబర్ల మీద తిప్పుతూ చూడాలి. మూడు పిన్నుల ప్లగ్గయితే పైన ఉండే లావు పిన్ను ఎర్త్, దాన్ని వదిలెయ్యండి.

బాగున్న మిక్సీ అయితే కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల దాకా చూపిస్తుంది. వేగం మారేది ఎక్కువగా ఫీల్డ్ కాయిల్‌లో చుట్లు కలిపీ తీసీ కాబట్టి నంబరు మారితే రీడింగు కొంచెం మారుతుంది. ఏదో ఒక నంబరు మీద మాత్రమే ఏమీ చూపించక, మిగతా వాటి మీద చూపిస్తే మోటారు బాగున్నట్టే. స్విచ్‌లో ఆ నంబరు కాంటాక్ట్ గానీ, ఆ నంబరుకి పోయే తీగ గానీ పోయింది. ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని మోడళ్లలో తక్కువ వేగానికి డయోడ్ వాడతారు, దానివల్ల ఒకటో నంబరు మీద మీటర్ తప్పు దారి పట్టించొచ్చు. అందుకని మూడో నంబరు మీద వచ్చిందే నమ్మండి.

అమ్మాయి మిక్సీకి మూడు నంబర్ల మీదా ఏమీ రాలేదు. ప్లగ్గు దగ్గరా, మిక్సీలోకి దూరే చోటా వైరుని వంచుతూ చూశాం. వైరు లోపల తెగితే ఎక్కువగా ఆ రెండు చోట్లే, వంచినప్పుడు రీడింగు వచ్చీ పోతూ ఉంటుంది. అక్కడా ఏమీ లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. పుల్లలు ప్లగ్గు మీద నేను పట్టుకొని, స్విచ్ మూడు మీద పెట్టి, ఆమెని కప్లర్‌ని మెల్లగా, చాలా మెల్లగా తిప్పమన్నాను. ఒకచోట మీటర్ మీద ఇరవై చిల్లర ఓమ్‌లు తళుక్కుమని, మళ్లీ పోయింది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ వచ్చింది.

"ఏంది బాబాయ్, చేత్తో తిప్పితే వస్తా ఉండాదే!"

చేత్తో తిప్పినప్పుడు కదిలేది ఏంటి? వైరు కదల్లేదు, స్విచ్ కదల్లేదు, ఫీల్డ్ కాయిల్ కదల్లేదు. ఆర్మేచర్ ఒక్కటే కదిలింది. అది కదిలినప్పుడు దారి కలుస్తూ తెగుతూ ఉందంటే తెగిన చోటు బ్రష్‌కీ కమ్యుటేటర్‌కీ మధ్యనే. మిక్సీ విప్పకుండానే రోగం ఎక్కడుందో తేలిపోయింది. షాపులో చాలామంది ఈ పరీక్ష చెయ్యరు. కోపం కాదు గానీ, మోటారు మారిస్తే వచ్చే లాభం బ్రష్ మారిస్తే రాదు.

అప్పుడు విప్పాం. ప్లగ్గు ఆమె చేతికిచ్చి పట్టుకోమన్నాను. ఎవరో వచ్చి సాకెట్‌లో పెట్టేస్తారనే భయం ఉండదు. మిక్సీని బోర్లా పెడితే స్క్రూలు కనపడకపోవచ్చు, రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి. అడుగు మూత తీశాక వైర్ల ఫోటో ఒకటి తీసుకోండి, మళ్లీ బిగించేటప్పుడు అదే దిక్కు.

ఆర్మేచర్‌కి రెండు పక్కలా రెండు ఇత్తడి గొట్టాలుంటాయి. వాటిలో నల్లటి దిమ్మల్లాగా ఉండేవే కార్బన్ బ్రష్‌లు, వెనక స్ప్రింగు తోస్తూ ఉంటుంది. జార్ లేకుండా మిక్సీ మోటారు నిమిషానికి పద్దెనిమిది ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. అంత వేగంగా తిరిగే రాగి మీద ఈ దిమ్మలు రాసుకుంటూ ఉంటాయి కాబట్టి అరిగిపోవడం వాటి ఉద్యోగం. కొత్తగా ఉన్నప్పుడు బొటనవేలి గోరంత పొడుగుంటాయి. అమ్మాయి మిక్సీలో ఒకటి బియ్యపు గింజంత మిగిలింది. దాని వెనక స్ప్రింగు పూర్తిగా సాగిపోయి, ఇక తోసే బలం లేక ఊరుకుంది. రెండోది పొడుగుగానే ఉంది గానీ గొట్టంలో ఇరుక్కుపోయింది. స్క్రూ డ్రైవరు మొనతో తడితే కదల్లేదు. గొట్టం లోపల నల్లటి కార్బన్ పొడి, దాంట్లో ఎర్రటి జిడ్డు కలిసి బంకలాగా పట్టేసింది. ఎర్రకారమే. వేలికి అంటుకుంది, వాసన చూసి ఆమె నవ్వింది.

అంటే ఒక బ్రష్ ఇరుక్కొని పనంతా రెండోదాని మీద పడి అరిగిందా అని అడిగింది. అలా కాదు, రెంటిలోనూ ఒకే కరెంటు పోవాలి కాబట్టి భారం పంచుకోవడం ఉండదు. ఇరుక్కున్నది రాగికి సరిగ్గా ఆనక మధ్యలో నిప్పురవ్వలు లేచాయి. ఆ రవ్వలకి రాగి మీద గరుకు ఏర్పడింది, ఆ గరుకు రెండోదాన్ని గీకేసింది.

కమ్యుటేటర్‌ని లైటు వేసి చూశాం. మీరు కూడా ఇక్కడ బాగా చూడాలి, మోటారు ఉందా పోయిందా అన్నది ఇక్కడే తేలుతుంది. రాగి పట్టీలు లేత గోధుమ రంగులో మెరుస్తుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. చుట్టూరా ఒకే రకంగా నల్లబడితే మసి, తుడిస్తే పోతుంది. పక్కపక్కన ఉన్న ఒకటి రెండు పట్టీలు మాత్రమే కాలి గుంట పడి ఉంటే ఆర్మేచర్‌లో ఆ చుట్టు తెగిందని అనుమానించాలి. మీటర్‌తో పక్కపక్క పట్టీల మధ్య చూస్తే అన్నిచోట్లా దాదాపు ఒకే రీడింగు రావాలి. ఒక్కచోట బాగా తేడా వస్తే ఆర్మేచర్ పోయినట్టే. వార్నిష్ మాడి, తీగలు నల్లగా పొక్కినట్టుంటే మీటర్ కూడా అక్కర్లేదు. అప్పుడు షాపతను చెప్పింది నిజమే, ఆర్మేచర్ ఖర్చూ పాత మిక్సీ విలువా బేరీజు వేసుకోవాలి. ఆమెది చుట్టూరా మసి ఒక్కటే. జీరో నంబర్ ఉప్పు కాగితం సన్న పట్టీగా కోసి, రాగి మీద ఆనించి, కప్లర్ చేత్తో తిప్పుతూ మెల్లగా శుభ్రం చేశాం. నల్లటి ఎమరీ కాగితం వాడొద్దు, దాని పొడి పట్టీల మధ్య సందుల్లో కూర్చుంటే కరెంటు పక్కదారి పడుతుంది.

పాత బ్రష్ పట్టుకొని షాపుకి పంపించాను. సైజు వెడల్పూ మందమూ రెండూ కలవాలి. లావైతే గొట్టంలో పట్టేస్తుంది, సన్నదైతే ఊగి రవ్వలు లేపుతుంది. వంద నోటు ఇస్తే చిల్లర వెనక్కి వచ్చింది. ఒకటే అరిగినా రెండూ మార్చాలి. కొత్త బ్రష్ మొన చదునుగా ఉంటుంది, రాగి చక్రం గుండ్రంగా ఉంటుంది. చాలావాటికి ముందే కొంచెం వంపు ఇస్తారు, లేకపోతే ఉప్పు కాగితం చక్రం మీద గరుకు వైపు పైకి చుట్టి, బ్రష్‌ని దానిమీద నాలుగుసార్లు రాస్తే వంపు వస్తుంది. గొట్టాల్లో జిడ్డు గుడ్డతో తుడిచి, బ్రష్ దానంతట అది జారుతోందో లేదో చూసుకున్నాకే స్ప్రింగు పెట్టాం.

మొదటిసారి నేరుగా గోడకి పెట్టలేదు. నా దగ్గర పాత వంద వాట్ల తీగ బల్బుతో సీరీస్ లాంప్ ఉంది, అంటే కరెంటు ఆ బల్బులోంచి పోయాకే మిక్సీకి చేరుతుంది. దాని గుండా ఇచ్చాను. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు వెలిగి, కప్లర్ నింపాదిగా తిరిగింది. బల్బు నిండుగా వెలిగి కప్లర్ కదలకపోతే లోపల షార్టో, ఇంకేదైనా పట్టేయడమో ఉందని అర్థం, అప్పుడు గోడకి పెట్టకూడదు. మీ దగ్గర ఈ లాంప్ లేకపోతే ఈ మెట్టు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోండి. తర్వాత మూత బిగించి, జార్ లేకుండా ఒకటో నంబరు మీద కొన్ని నిమిషాలు తిప్పాం. కొత్త బ్రష్ కూర్చునేదాకా చిన్న చిన్న నీలం రవ్వలు గాలి సందుల్లోంచి కనపడతాయి, తగ్గిపోతాయి. రవ్వలు రాగి చక్రం చుట్టూ ఉంగరం కట్టినట్టు తిరిగితే మాత్రం ఆపెయ్యాలి, అది ఆర్మేచర్ రోగం.

ఆమె అప్పుడే మిక్సీ ఎత్తుకోబోయింది. ఆగమన్నాను. కారం గొట్టంలోకి ఎట్టా వచ్చింది? జార్‌లో నీళ్లు పోసి, కింద తెల్ల కాగితం పెట్టి కాసేపు ఉంచాం. బ్లేడు కింది నుంచి ఎర్రటి చుక్క ఒకటి జారి కాగితం మీద పడింది. జార్ అడుగు బుష్ అరిగి వాషర్ వదులైంది. అది కారుతుంటే మోటారు మీదికి తిన్నగా దిగుతుంది, తిరిగే వేగానికి లోపలికి చిమ్ముతుంది. ఆ బుష్షూ వాషరూ మార్పించుకునేదాకా ఆ జార్‌ని వాడొద్దని చెప్పాను, లేకపోతే కొత్త బ్రష్‌లకీ అదే గతి.

మీరు కూడా ఈ వరసలోనే రండి. సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె, చల్లారాక బటన్, ప్లగ్గు పీకి మూడో నంబరు మీద మీటర్, ఏమీ రాకపోతే కప్లర్ మెల్లగా తిప్పుతూ మళ్లీ మీటర్. తిప్పినప్పుడు రీడింగు వచ్చీ పోతే బ్రష్‌లు చూడండి. ఎంత తిప్పినా అసలు రాకపోతే మోటారు పోయిందని అప్పుడే అనుకోకండి, వైరు, ఓవర్‌లోడ్, స్విచ్, ఫీల్డ్ ఒక్కోదాన్ని విడిగా చూడాలి, బ్రష్ పూర్తిగా అరిగి అసలు ఆనకపోయినా అలాగే ఉంటుంది. దానికి మూత తియ్యాల్సిందే. మీటర్‌లో ఏ నంబరు మీద ఎంత వచ్చిందో, కప్లర్ తిప్పితే ఏమైందో రాయండి, తర్వాత ఎక్కడ పుల్ల పెట్టాలో చెప్తాను.